మా చాచాకు ఏడుకు ఏడు మార్కులు

మొన్న హన్మకొండలో ఒక షాదీఖానాలో కుట్టు మిషన్లు పంచే జల్సా జరిగింది. రాసుకునే పని నాది కాబట్టి వెళ్ళాను. స్టేజీ మీద పూలదండలేసిన మిషన్లు వరసగా పెట్టారు. ఒక్కో బెహన్ వచ్చి మిషన్ మీద చెయ్యి వేసి ఫోటో దిగి వెళ్తోంది. తఖ్రీర్లు అయ్యాయి. హునర్ ఉంటే ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదన్నారు. బాగానే ఉంది. దిగుతుంటే జల్సా పెట్టిన సాహబ్ ఎదురయ్యారు. "మిషన్ ఇచ్చారు, మరి కూర్చునే కుర్చీ ఏదీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "కుర్చీ ఎవరింట్లో ఉండదు భాయ్, ఏదో ఒక దాని మీద కూర్చుంటారు" అన్నారు.

ఆ "ఏదో ఒకటి" దగ్గరే నా గొడవ. మా చాచా గర్దన్ సంగతి తెలియకపోతే నేను కూడా నవ్వేసి బిర్యానీ లైన్లో నిలబడేవాణ్ణి.

మా చాచా దర్జీ. వరంగల్ మండీబజార్ వెనక ఒక గల్లీలో ఆయన దుకాణం. ముప్పై ఏళ్ళు దాటింది. కుర్తా పైజామా, పఠానీ, ఎప్పుడన్నా షేర్వానీ, రంజాన్ ముందు బుర్ఖాలు కూడా. నాలుగేళ్ళుగా ఆయనకు మెడ పట్టేస్తోంది. కుడి కంధా లాగుతోంది. రాత్రి పడుకుంటే కుడి చేతి వేళ్ళు జివ్వుమంటాయి. బామ్ రాశారు, పట్టా కట్టారు, సూదులు వేయించుకున్నారు. వెళ్ళిన ప్రతిచోటా అడిగిన సవాల్ ఒకటే, ఏం పని చేస్తారు? దర్జీ. "ఆఁ, దర్జీ పని కదా, మరి ఉంటది."

ఇంట్లోనూ అంతే. ఉమ్ర్ అయిపోయిందని చాచీ అంటుంది. సబర్ చెయ్యమని మస్జిద్ దగ్గర దోస్తులు అంటారు. సబర్ మంచిదే, దాన్నేమీ అనను. కానీ స్టూలు ఎనిమిది సెంటీమీటర్లు తక్కువై వచ్చిన నొప్పికి సబర్ ఎందుకు ఖర్చు పెట్టాలి? దానికి వడ్రంగి చాలు. ఈ మాట నేను గుస్సాలో అంటున్నది కాదు, లెక్క కట్టి అంటున్నాను. ఆ లెక్క ఇక్కడ పెడతాను, మీ ఇంట్లో దర్జీ ఉంటే మీరూ కట్టుకోవచ్చు.

మా ఆపా కూతురు ఫిజియోథెరపీ చదువుతోంది. ఒకరోజు చాచా తఖ్లీఫ్ విని తన బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. దాని పేరు రూలా. భుజం, చెయ్యి, మెడ, నడుము పనిలో ఎంత బోజా మోస్తున్నాయో చూసి మార్కులు వేసే పద్ధతి. ఇంగ్లాండ్ నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో లిన్ మెకాటమ్నీ, నైజెల్ కార్లెట్ అనే ఇద్దరు దీన్ని తయారుచేసి 1993లో ప్రచురించారు. నన్ను కదిలించిన సంగతేమిటంటే, ఈ పద్ధతి పుట్టడానికి వాళ్ళు చూసిన జనంలో బట్టల ఫ్యాక్టరీ మనుషులు ముందున్నారు. గుడ్డ కోసేవాళ్ళు, మిషన్ మీద కుట్టేవాళ్ళు, దారాలు కత్తిరించేవాళ్ళు, పీసులు చెక్ చేసి ప్యాక్ చేసేవాళ్ళు. దర్జీల ఒళ్ళు చూసి పుట్టిన హిసాబ్ ఇది. ముప్పై ఏళ్ళు దాటినా మన దర్జీల గల్లీలోకి రాలేదు.

ఇందులో మార్కులు ఎక్కువ వస్తే ఖుష్ అవ్వకూడదు. ఒకటి, రెండు వస్తే ఫర్వాలేదు. ఏడు అంటే అన్నిటికన్నా ఖరాబ్. దీనికి మెషీన్ ఏమీ అక్కర్లేదు. కాగితం, పెన్ను, ఒక ఫోన్ కెమెరా, చాచా మెడలో వేలాడే టేపు చాలు.

మొదటి గలతీ ఫోటో దగ్గరే జరిగింది. ఫోటో అనగానే చాచా షాదీ ఆల్బమ్‌లో దూల్హా లాగా సీదాగా కూర్చున్నారు. ఆ తస్వీర్‌కి మార్కులేస్తే రెండొచ్చేవి, దుకాణం బంద్ చేసుకుని ఇంటికెళ్ళేవాళ్ళం. అందుకే ఆపా కూతురు ఫోన్ పక్కన పెట్టి, చాయ్ తెప్పించి, ఇరవై నిమిషాలు ఊరికే చూసింది. ఏ పని ఎక్కువసేపు చేస్తున్నారు, ఏ పనిలో ఒళ్ళు ఎక్కువ వంగుతోంది అని. కాలర్ ఎక్కించేటప్పుడు ఆయన గర్దన్ దాదాపు మిషన్ తలకి తగిలేంత దగ్గరికి వెళ్తోంది. ఆ పనినే పట్టుకున్నాం. తస్వీర్ సరిగ్గా పక్కనుంచి, భుజం ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయాలి. కొంచెం ముందునుంచో వెనకనుంచో తీస్తే కోణం అబద్ధం చెప్తుంది. వదులు కుర్తా వేసుకుంటే భుజం ఎక్కడుందో, తుంటి ఎక్కడుందో కనపడదు. అందుకని కుర్తా మీదే మార్కింగ్ చాక్‌తో మూడు చుక్కలు పెట్టింది. చాచా నవ్వారు. "ముప్పై ఏళ్ళు నేను అందరికీ నిశాన్లు పెట్టాను, ఇవాళ నాకు పెడుతున్నారు."

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మాకు కోణం అంటే జావియా, డిగ్రీ అంటే దర్జా. దర్జీకి దర్జాలు కొలవడం బాగుందని నాలో నేనే నవ్వుకున్నాను.

ముందు చెయ్యి. రూలా ఒకసారికి ఒక చేతినే చూస్తుంది, మేము నొప్పి ఉన్న కుడి చేతిని తీసుకున్నాం. భుజం నుంచి మోచేయి దాకా ఉన్న బాజూ ఒంటికి ఆనుకుని కిందికి వేలాడుతుంటే, ముందుకైనా వెనక్కైనా 20 డిగ్రీల లోపు ఉంటే ఒక మార్కు. 20 నుంచి 45 దాకా ముందుకు వెళ్తే రెండు. చాచాది 40 దాకా ఉంది, కాబట్టి రెండు. అయితే ఆయన కంధా చెవి వైపుకి లేచి ఉంది, దానికి ఒకటి కలపాలి. మోచేయి కోడి రెక్కలాగా పక్కకి జరిగి ఉంది, దానికి ఇంకొకటి. మొత్తం నాలుగు.

కంధా ఎందుకు లేచింది? ఇక్కడే టేపు తీశాం. చాచా స్టూలు ఎత్తు 42 సెంటీమీటర్లు. దాని మీద సీదాగా కూర్చుని మోచేయి మడిస్తే ఆ మోచేయి నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మిషన్ బల్ల 76. అంటే ఆయన చేతులు తమ అసలు జగా కన్నా 11 సెంటీమీటర్లు పైన పని చేస్తున్నాయి. అంత ఎత్తుకి చేతుల్ని తీసుకెళ్ళాలంటే కంధాలు పైకెత్తాలి, మోచేతులు పక్కకి జరపాలి. రోజంతా ఎవరో చొక్కా భుజాలు పట్టుకుని పైకి లాగి ఉంచినట్టు. దీనికి ఉమ్ర్‌తో ఏం సంబంధం? ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఆ స్టూలు మీద కూర్చోబెట్టినా కంధా లేస్తుంది.

ముంజేయి 60 నుంచి 100 డిగ్రీల మధ్య మడిచి ఉంటే ఒక మార్కే. చాచాది 80, బాగానే ఉంది. కానీ ఎడమ పక్క గోడ, దానికి ఆనుకుని అల్మారా. మిషన్ సూది ఆ గోడ వైపు ఉంది. సూది ఎదురుగా కూర్చుందామంటే జాగా లేదు. స్టూలు కుడికి జరిపి కూర్చుంటారు, కుడి చెయ్యి ఒంటి మధ్య గీత దాటి ఎడమ వైపుకి వెళ్తుంది. దానికి ఒకటి కలపాలి, రెండు. కలాయి, అంటే మణికట్టు, 15 డిగ్రీల కన్నా ఎక్కువ పైకి వంగి ఉంది, మూడు. మెలి తిరగలేదు కాబట్టి ఆ గడిలో ఒకటే.

ఈ నాలుగు అంకెల్ని కూడకూడదు. కాగితం మీద ఒక పట్టిక ఉంటుంది, అందులో అడ్డం నిలువు చూసుకుంటూ పోతే ఒక గడి దొరుకుతుంది. మా గడిలో 4 ఉంది.

ఇక్కడ చాచాకీ మనవరాలికీ బహస్ మొదలైంది. "చెయ్యి బల్ల మీదే ఆని ఉంది కదా బేటీ, ఆని ఉంటే ఒక మార్కు తగ్గించాలని నీ కాగితంలోనే ఉంది" అన్నారు చాచా. ఆమె ఒప్పుకోలేదు. గుడ్డతో పాటు జారే చెయ్యి ఆనినట్టు కాదు, బరువు నిజంగా బల్ల మోయాలి అంది. సరే, రెండు రకాలుగా చూద్దామన్నాను. ఒక మార్కు తగ్గించినా పట్టికలో గడి మారింది గానీ అంకె మారలేదు, మళ్ళీ 4. పట్టిక అలా కట్టి ఉంది. సగం మార్కు కోసం కొట్టుకునే ముందు అది చూసుకుంటే గొడవలు తగ్గుతాయి.

ఆ 4కి రెండు సంగతులు కలపాలి. ఒకటి, ఒళ్ళు ఒకే తీరులో బిగుసుకుని నిమిషం దాటి ఉన్నా, లేదా ఒకే కదలిక నిమిషానికి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వచ్చినా ఒక మార్కు. కొన్ని కాగితాల్లో నిమిషం బదులు పది నిమిషాలని అచ్చేశారు. దర్జీకి ఏదైనా ఒకటే, రెండిట్లోనూ దొరుకుతాడు. రెండోది బరువు. గుడ్డ రెండు కిలోల లోపే, సున్నా. చెయ్యి లెక్క 5.

ఇప్పుడు మెడ. 10 డిగ్రీల దాకా వంగితే ఒకటి, 20 దాకా రెండు, 20 దాటితే మూడు. చాచా 20 ఎప్పుడో దాటారు. పైగా సూది ఎడమకి ఉంది కాబట్టి మెడ అటు తిరిగి ఉంది, ఇంకొకటి. నాలుగు. నడుము 20 నుంచి 60 మధ్య ముందుకి వంగితే మూడు, ఆయనది 30 దగ్గర. కాళ్ళు రెండూ సమంగా ఆని ఉంటే ఒకటి, లేకపోతే రెండు. ఆయన కుడి కాలు మోటార్ పెడల్ మీద, ఎడమ కాలు స్టూలు అడ్డకర్ర మీద. రెండు. ఈ మూడింటికి వేరే పట్టిక, గడిలో 7. బిగుసుకున్నందుకు ఒకటి, మొత్తం 8.

చెయ్యి 5, మెడ-నడుము 8. ఈ రెండూ కలిసే చివరి పట్టికలో వచ్చింది 7. మా చాచాకు ఏడుకు ఏడు.

ఏడు అంటే ఏమిటో కాగితంలోనే రాసి ఉంది. ఒకటి రెండు అయితే ఎక్కువసేపు అలాగే ఉండనంత వరకు ఫర్వాలేదు. మూడు నాలుగు అయితే ఇంకొంచెం లోతుగా చూడాలి, మార్పు కావాల్సి రావచ్చు. ఐదు ఆరు అయితే త్వరగా మార్చాలి. ఏడు అయితే ఇప్పుడే మార్చాలి. "ఉంటది" అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. రూలా బీమారీ పేరు చెప్పదు. ఏ నస్ నొక్కుకుందో, ఏ పూస అరిగిందో దానికి తెలియదు. వేళ్ళు మొద్దుబారినా, కత్తెర పట్టు జారినా డాక్టర్‌కి చూపించాల్సిందే. చాచా వేళ్ళ జివ్వుమనడం గురించి మేమూ వెళ్ళాం. ఏ బల్ల, ఏ స్టూలు ఒంటిని ఎక్కడ విరుస్తున్నాయో చూపడం మాత్రమే రూలా పని. డాక్టర్ దగ్గర దొరకనిదీ అదే.

నాకు ఆ రోజు చాలా జోష్ వచ్చింది. స్టూలే విలన్ అనుకున్నాను. మర్నాడే స్టూలు మీద రెండు మందపాటి గద్దెలు వేసి ఎత్తు పెంచేశాను. కంధాలు దిగాయి, మోచేతులు ఒంటికి దగ్గరయ్యాయి, కలాయి సీదా అయింది. చెయ్యి లెక్క 5 నుంచి 4కి వచ్చింది. నేను ఖుష్. చాచా ఖుష్ కాలేదు. "మెడ ఇంకా లాగుతోంది బేటా" అన్నారు. మళ్ళీ మార్కులేశాం. ఎత్తు పెరిగేసరికి కళ్ళు సూదికి ఇంకా దూరమయ్యాయి, అందుకని మెడ, నడుము ఏమీ లేవలేదు. పైగా ఎడమ కాలు గాలిలో వేలాడుతోంది. మెడ-నడుము లెక్క 8 దగ్గరే ఉంది. చివరికి 6. ఏడు నుంచి ఆరుకి రావడానికా ఇంత హంగామా?

దర్జీ పనిలో ఉన్న అసలు ముడి ఇదే. బల్ల ఎత్తుగా ఉంటే కంధాలు లేస్తాయి, తక్కువగా ఉంటే మెడ వంగుతుంది. చేతులకి ఒక ఎత్తు కావాలి, కళ్ళకి వేరే ఎత్తు కావాలి. ఒక్క కుర్చీతో రెండూ తీరవు. కాబట్టి షాదీఖానా సాహబ్‌ని నేను అడిగిన సవాల్ కూడా సగమే సరైంది. ఆయన కుర్చీ ఇచ్చి ఉన్నా ఆరు దగ్గరే ఆగిపోయేవారు.

అందుకని రెండోసారి నాలుగు పనులు కలిపి చేశాం. ముందు మిషన్‌ని గోడ నుంచి ఒక జానెడు కుడికి జరిపాం. దానికి అల్మారా బయటి వైపుకి వెళ్ళింది, చాచీ చీరల పెట్టె ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు చాచా ముక్కు సూదికి ఎదురుగా ఉంది. మెడ తిరగడం, చెయ్యి మధ్య గీత దాటడం రెండూ పోయాయి. దీనికి పైసా ఖర్చు కాలేదు.

తర్వాత బల్లని వాల్చాం. స్టాండ్ వెనక కాళ్ళ కింద ఐదు సెంటీమీటర్ల కర్ర దిమ్మలు పెట్టించాం. దిమ్మ పైన గుంట తవ్వించాం, లేకపోతే మోటార్ అదురుకి స్టాండ్ నడుచుకుంటూ ముందుకొస్తుంది. స్టాండ్ ముందు కాలికీ వెనక కాలికీ మధ్య 42 సెంటీమీటర్లు, కాబట్టి బల్ల సుమారు ఏడు డిగ్రీలు చాచా వైపు వాలింది. చదివే పుస్తకాన్ని రెహల్ మీద పెట్టుకున్నట్టు, కుట్టు కళ్ళ వైపుకి తిరిగింది. అప్పుడు మెడ అంత వంగక్కర్లేదు. మొదటి గంటలోనే కత్తెర జారి చాచా కాలి మీద పడబోయింది. బల్ల ముందు అంచుకి సన్నని చెక్క పట్టీ కొట్టించాం. ఇలాంటివి కాగితంలో ఉండవు.

వెనక ఎత్తేసరికి సూది ఉన్న చోట బల్ల ఎత్తు 76 నుంచి 78కి పైన అయింది. ఇది చూసుకోకుండా మొదట లెక్క కట్టిన స్టూలు మళ్ళీ చిన్నదైంది. కాబట్టి వాల్చడం ముందు, కుర్చీ ఎత్తు తర్వాత. కళ్ళతో సన్నగా చూసే పని కాబట్టి బల్ల సరిగ్గా మోచేయి దగ్గర కాదు, ఒక ఐదు సెంటీమీటర్లు పైన ఉండనివ్వాలి. దాని ప్రకారం మోచేయి 73 దగ్గర ఉండాలి, అంటే కూర్చునే పీట 42 నుంచి 50కి పెరగాలి. వడ్రంగి వీపు ఆనించుకునే చెక్కతో సహా చేసిచ్చాడు. కాళ్ళ కింద ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు పలక, వెడల్పుగా, పెడల్ కూడా దాని మీదే. రెండు కాళ్ళూ దాని మీద ఆనుతాయి. మీ ఇంట్లో తొక్కుడు మిషన్ ఉంటే ఇక్కడ ఆగండి. దాని తొక్కుడు పలక స్టాండ్‌కే బిగించి ఉంటుంది, పైకి లేపలేరు. రెండు పాదాలూ పూర్తిగా పలకకి అందేంత వరకే పీట పెంచాలి, మిగిలింది వాలుతో సరిపెట్టుకోవాలి.

నాలుగోది వెలుగు. దుకాణంలో ట్యూబ్‌లైట్ చాచా వీపు వెనక ఉండేది. ఆయన తల నీడ సరిగ్గా సూది మీద పడేది. నల్ల బుర్ఖా మీద నల్ల దారం, దాని మీద తన తల నీడ. అప్పుడు ఎవరి మెడైనా వంగుతుంది. మిషన్ తలకి అయస్కాంతంతో అంటుకునే చిన్న ఎల్‌ఈడీ దీపం తెచ్చి సూది పక్కన పెట్టాం. ఇంకో సంగతి ఐనక్‌ది. చాచా వాడేది పేపర్ చదివే దగ్గరి చూపు ఐనక్. సూదికీ కంటికీ మధ్య దూరం దానికన్నా ఎక్కువ. సూది మసకగా కనపడుతుంది, సాఫ్‌గా కనపడేదాకా తల ముందుకి వెళ్తుంది. టేపుతో కంటి నుంచి సూది దాకా కొలిచి ఆ అంకెని కళ్ళద్దాల దుకాణంలో చెప్పి కొత్త ఐనక్ చేయించాం. ఆయన జేబుకి ఎక్కువ బరువైంది ఇదే. మిగతా కర్ర పని, దీపం కలిపి పన్నెండు వందల్లో అయిపోయాయి.

వారం తర్వాత ఆయన అలవాటు పడ్డాక మళ్ళీ కాలర్ ఎక్కించేటప్పుడే చూశాం. బాజూ రెండు, ఏమీ కలపక్కర్లేదు. ముంజేయి ఒకటి. కలాయి రెండు, మెలి ఒకటి. గడిలో 3, బిగుసుకున్నందుకు ఒకటి కలిపి 4. మెడ తిరగడం పోయింది కానీ కాలర్ మూల దగ్గర ఇంకా 20 దాటుతోంది, కాబట్టి మూడు. నడుము 20 లోపు, రెండు. కాళ్ళు ఒకటి. గడిలో 3, దానికి ఒకటి కలిపి 4. చివరి పట్టికలో నాలుగుకి నాలుగు కలిసేచోట ఉన్న అంకె కూడా 4.

ఏడు నుంచి నాలుగు. చాచా రాత్రి ఒక పక్కకి తిరిగి పడుకోగలుగుతున్నారు. వేళ్ళు ఇంకా పూర్తిగా నిమ్మళించలేదు. నాలుగేళ్ళ బోజా వారంలో దిగదు.

ఇక నా అసలు గుస్సా సంగతి. నాలుగు దగ్గర ఎందుకు ఆగింది? ఆపా కూతురు అంది, "మామూ, కర్ర పని మీ చేతిలో ఉన్నది, చేశారు. ఆ రెండు ప్లస్ ఒకట్లు చూడండి, అవి ఎక్కడికీ పోలేదు." చెయ్యిలో ఒకటి, మెడలో ఒకటి. కదలకుండా బిగుసుకుని ఉన్నందుకు, ఒకే కదలిక పదేపదే వస్తున్నందుకు వేసిన మార్కులవి. వాటిని ఏ వడ్రంగీ తీయలేడు. పైగా రూలా ఒక క్షణం తస్వీర్‌కి మార్కులేస్తుంది. ఆ క్షణం పది నిమిషాలు సాగిందా, పద్నాలుగు గంటలు సాగిందా అనేది దానికి తెలియదు. రంజాన్ ఆఖరి అష్రాలో తరావీహ్ తర్వాత కూర్చుని సహరీ దాకా కుట్టే దర్జీకీ, పొద్దున ఒక కుర్తా కుట్టి లేచే దర్జీకీ అదే నాలుగు వస్తుంది. ఆ నాలుగు చూపించి ఎవరైనా "చూడండి, మా కారఖానా సేఫ్" అంటే నమ్మకండి.

గంటల్ని పెంచేది ఎవరు? పీసు రేటు. కారీగర్‌కి ఉజ్రత్ పీసుకింత. లేచి వీపు విరుచుకుంటే ఆ రెండు నిమిషాలకి పైసలు లేవు. చాచాకి మేము చెప్పింది ఇది. ఒకే పీసు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని కుట్టొద్దు. కుట్టు కొంత అయ్యాక లేచి ఇస్త్రీ, నిలబడి కటింగ్, మళ్ళీ కూర్చుని కాజా. అరగంటకోసారి పని మారితే ఒంటి తీరూ మారుతుంది, పైసలూ పోవు. ఆయన దుకాణం ఆయనది కాబట్టి కుదిరింది. సేఠ్ దగ్గర కాలర్లు మాత్రమే, లేదా పైజామా నేఫాలు మాత్రమే రోజంతా కుట్టే కుర్రాడికి ఈ ఇఖ్తియార్ లేదు. పదిమంది లోపు పనిచేసే దుకాణం ఫ్యాక్టరీ లెక్కలోకే రాదు. ఇంట్లో కుట్టే మన బెహన్లయితే ఏ లెక్కలోకీ రారు. వాళ్ళ దగ్గరికి ఇన్‌స్పెక్టర్ రాడు. సేఠ్ మనిషి వస్తాడు, కట్ట కింద పెట్టి ఎప్పటికి కావాలో చెప్పి వెళ్తాడు.

మనమూ బరీ కాదు. చాంద్ రాత్ ముందు రోజు గుడ్డ తీసుకెళ్ళి "ఈద్ పొద్దునకి కావాలి భాయ్" అనేది ఎవరు? నేను కూడా అన్నాను, చాచాతోనే, ఎన్నో ఏళ్ళు. షాబాన్‌లో ఇస్తే ఏం పోయేది?

వరంగల్‌కి కుట్టు కొత్తేమీ కాదు. 1934లో నిజాం హయాంలో పెట్టిన ఆజంజాహీ మిల్లు ఈ ఊరికి కూలీనీ గుడ్డనీ ఇచ్చి మూతపడింది. ఇప్పుడు గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ వచ్చింది, 2017లో శంకుస్థాపన అయింది. మన ఆడపిల్లలు అక్కడ మిషన్ల మీద కూర్చోవడానికి ట్రైనింగ్ తీసుకుంటున్నారు. జీతం ఎంత, బస్సు ఉందా అని అడుగుతున్నాం. సరైన సవాళ్ళే. పీట ఎత్తు మారుతుందా, బల్ల వాలుతుందా, గంటలో ఎన్నిసార్లు లేవనిస్తారు అని కూడా అడగండి. ఆ పిల్లలకి ఇరవై ఏళ్ళు. నొప్పి నలభైలో వస్తుంది, అప్పుడు "ఉమ్ర్" అంటారు.

మిషన్లు పంచే జకాత్ కమిటీల సాహబ్లకి, సర్కారీ స్కీముల అఫ్సర్లకి నా అర్జీ ఇది. పది మిషన్ల పైసల్లో ఎనిమిదే కొనండి. మిగిలిన పైసలతో ఆ ఎనిమిది మందికి పీట, దిమ్మలు, కాళ్ళ పలక, దీపం ఇవ్వండి. అందరికీ ఒకే ఎత్తు పీట కొనుక్కొచ్చి పంచితే మళ్ళీ మొదటికే వస్తాం. స్టేజీ మీద ఫోటో తీసే బదులు, మిషన్ ముందు కూర్చోబెట్టి పక్కనుంచి ఒక ఫోటో తీయండి. మోచేయి ఎత్తు కొలిచి వడ్రంగికి చెప్పండి. ఒక్కొక్కరికీ పావుగంట పడుతుంది, తఖ్రీర్ కన్నా తక్కువే.

ఇది రాసి చాచాకి చదివి వినిపించాను. అంతా విన్నాక, "అది సరే, మధ్యాహ్నం నేను జోహర్‌కి వెళ్తే నా శాగిర్ద్ ఇదే పీట మీద కూర్చుంటాడు" అన్నారు. నిజమే. ఆ పిల్లాడు చాచా కన్నా పొడుగు. మేము చేసిందంతా అతనికి ఉల్టా అవుతుంది, కంధాలు దిగుతాయి కానీ మెడ ఇంకా కిందికి పోతుంది. జుమా రోజు దుకాణం బంద్ ఉన్నప్పుడు వెళ్ళి అతని మోచేయి కొలవాలి. పీట కాళ్ళకి బోల్టులు వేసి ఎత్తు మారేలా చేయగలవా అని వడ్రంగిని అడిగాను. చూస్తానన్నాడు.